అసలైన పొరుగువారు ఎక్కడ తప్పిపోతున్నారు? కోటి వెక్టర్ల ఇండెక్స్‌ను ఎంచుకోవడం, సరిచేయడం

(రికార్డింగ్ నుండి రాసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ రోజు ఒకే ఒక్క ఉదాహరణ తీసుకుని చివరిదాకా దానితోనే నడుస్తాను. మన దగ్గర కోటి ఎంబెడింగులు, అంటే పత్రాల అర్థాన్ని సంఖ్యల్లోకి మార్చిన రూపాలు, ఉన్నాయి. ఒక్కొక్కటి 768 సంఖ్యల వెక్టర్, ఒక్కో సంఖ్య 4 బైట్లు. ఒక ప్రశ్న వచ్చినప్పుడు దానికి అత్యంత దగ్గరగా ఉన్న 10 వెక్టర్లను కొన్ని పదుల మిల్లీసెకన్లలో తీసి ఇవ్వాలి. ఉన్న యంత్రానికి 16 జీబీ మెమరీ, ఒక మంచి ఎస్‌ఎస్‌డీ ఉన్నాయి. ఇంతే మన సమస్య. దీనికి ఏ ఇండెక్స్ వాడాలి, దాని మరలను ఎంతవరకు తిప్పాలి?

ముందుగా ఒక లెక్క వేద్దాం. 768ని 4తో గుణిస్తే 3072 బైట్లు. కోటి వెక్టర్లకు 30.7 జీబీ. ఇండెక్స్ ఏదీ లేకుండా ప్రతి ప్రశ్నకూ కోటి వెక్టర్లనూ పోల్చి చూడవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు, అడగాలి కూడా, ఎందుకంటే కొన్ని లక్షల వెక్టర్ల వరకు చాలాసార్లు అదే సరైన జవాబు. కానీ ఇక్కడ 30.7 జీబీ మొత్తం మెమరీలో ఉన్నా, సెకనుకు 20, 30 జీబీ చదవగల యంత్రానికి ఒక్కో ప్రశ్నకు సెకను దాటుతుంది. అసలు మన మెమరీ 16 జీబీయే.

ఇక అందరి నోటా వినిపించే పేరు హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ. మాల్కోవ్, యషునిన్ 2016లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. ప్రతి వెక్టర్‌నూ దాని దగ్గరి వెక్టర్లలో కొన్నింటితో గీతలు గీసి కలుపుతుంది. వెతికేటప్పుడు ఆ గీతల మీదుగా ఒక్కో అడుగూ ప్రశ్నకు దగ్గరవుతూ వెళ్తుంది. మెమరీ సరిపోతే నేనైనా మొదట దీన్నే వాడతాను, అందులో మొహమాటం లేదు. కానీ దీనికి వెక్టర్లతో పాటు గీతలకూ చోటు కావాలి. గీతలు పొరలు పొరలుగా ఉంటాయి, వెక్టర్లన్నీ ఉండేది అట్టడుగు పొరలో. గీతల సంఖ్యను నిర్ణయించే మర `M` విలువ 32 అనుకుంటే ఆ అట్టడుగు పొరలో దానికి రెట్టింపు, ఒక్కో వెక్టర్‌కు 64 గీతలు, ఒక్కో గీతకు 4 బైట్లు, అంటే 256 బైట్లు. కోటికి 2.6 జీబీ. గమనించండి, గీతల బరువు పెద్దది కాదు, బరువంతా వెక్టర్లదే. రెండూ కలిపితే 33 జీబీ పైన. 64 జీబీ యంత్రం ఉంటే ఈ ప్రసంగం ఇక్కడే ముగించి ఎంత విస్తారంగా వెతకాలో చెప్పే మర `efSearch` ఒక్కటి సరిచూసుకోమని చెప్పి కూర్చునేవాణ్ణి.

16 జీబీ యంత్రం మీద ఆ ఇండెక్స్‌ను ఫైల్‌గా ఉంచి, కావలసిన పేజీలను ఆపరేటింగ్ సిస్టమే తెచ్చుకుంటుందిలే అనుకుంటే ఏమవుతుంది? ఒక ప్రశ్నకు ఈ పద్ధతి కొన్ని వేల వెక్టర్లను తాకుతుంది, అవి ఫైల్‌లో ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉంటాయి. ఎస్‌ఎస్‌డీ నుండి ఒక్క చదువు దాదాపు 100 మైక్రోసెకన్లు. తాకిన వాటిలో సగం మెమరీలో లేకపోయినా ప్రశ్నకు వందల మిల్లీసెకన్లు పడుతుంది. పైగా అది ఒక చదువు ముగిశాకే తరువాతి అడుగు ఎటో తెలిసే పద్ధతి. కాబట్టి మన ఎంపికను నిజానికి మెమరీయే చేసేసింది. వెక్టర్లను కుదించాలి.

కుదించే పద్ధతులు చాలా ఉన్నాయి, నేను ఒక్కదాన్నే తీసుకుంటాను: ఐవీఎఫ్‌తో పీక్యూ. ఐవీఎఫ్ అంటే గదులుగా పంచడం. కోటి వెక్టర్లను, ఉదాహరణకు, 16,384 గదుల్లో పెడతాం. ప్రతి గదికి ఒక కేంద్రం ఉంటుంది. ప్రతి వెక్టర్ తనకు అతి దగ్గరి కేంద్రం ఉన్న గదిలోకి వెళ్తుంది. ప్రశ్న వచ్చినప్పుడు దానికి దగ్గరి కేంద్రాలున్న కొన్ని గదులను మాత్రమే తెరుస్తాం. ఎన్ని తెరవాలో చెప్పే మర పేరు `nprobe`. పీక్యూ అంటే వెక్టర్‌ను ముక్కలు చేసి కుదించడం. 768 సంఖ్యలను ఎనిమిదేసి చొప్పున 96 ముక్కలు చేస్తాం. ప్రతి ముక్క స్థానానికీ ముందే నేర్చుకున్న 256 నమూనాలు ఉంటాయి. ముక్కకు బదులు దాన్ని ఎక్కువగా పోలిన నమూనా సంఖ్య రాసుకుంటాం. 256లో ఒకటి అంటే ఒక్క బైటు. అలా 3072 బైట్ల వెక్టర్ 96 బైట్ల కోడ్ అవుతుంది, 32 రెట్లు చిన్నది. కోటికి 0.96 జీబీ.

ఇలాంటి ఇండెక్సులు కట్టే ఫైస్ లైబ్రరీలో ఇదంతా నాలుగు వరుసలు.

```python
index = faiss.index_factory(768, "IVF16384,PQ96")
index.train(sample)
index.add(vectors)
index.nprobe = 32
```

ఇక్కడ వాడే దూరం యూక్లిడియన్ దూరం. మీ ఎంబెడింగులు కొసైన్ పోలిక కోసం తయారైనవైతే, వెక్టర్లనూ ప్రశ్నలనూ ముందే 1 పొడవుకు తెచ్చుకోండి. అప్పుడు రెండు కొలతలూ ఒకే వరుసక్రమాన్ని ఇస్తాయి. ఒకవైపు పొడవు సరిచేసి రెండోవైపు మరిచిపోవడం చాలామంది చేసే పొరపాటు. ప్రశ్నలవైపు మరిస్తే అసలు దూరాల వరుసక్రమానికి నష్టం లేదు, వెక్టర్లవైపు మరిస్తే మాత్రం ఫలితాలు వంకర పోతాయి. ఏ దోషసందేశమూ రాదు.

గదులు 16,384 ఎందుకు? 10 లక్షల లోపు వెక్టర్లకు ఫైస్ వారి సూచన వెక్టర్ల సంఖ్య వర్గమూలానికి 4 నుండి 16 రెట్లు, ఇక్కడా దానితోనే మొదలుపెడదాం. కోటికి వర్గమూలం 3162, దానికి 4 రెట్లు 12,600 పైచిలుకు, ఆ పక్కనున్న రెండు ఘాతం 16,384. శిక్షణకు ఎన్ని వెక్టర్లు ఇవ్వాలి? గదికి 39 కంటే తక్కువ ఇస్తే ఫైస్ హెచ్చరిస్తుంది, 256 కంటే ఎక్కువ ఇస్తే తనే తగ్గించుకుంటుంది. మనం యాదృచ్ఛికంగా తీసిన 10 లక్షలు ఇద్దాం. గదికి 61 పడతాయి, 3 జీబీ మెమరీ చాలు. యాదృచ్ఛికంగా అన్న మాటను గట్టిగా పట్టుకోండి. ఫైల్ మొదటి 10 లక్షలు ఇస్తే, ఆ ఫైల్ తేదీల వారీగా పేర్చినదైతే, మీ గదులన్నీ పాత విషయాల కోసమే కట్టినవి అవుతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. ఇండెక్స్ తయారైంది, వేగంగా ఉంది. సరైన జవాబులు ఇస్తున్నదా? ఇది కంటితో చూసి చెప్పగలిగేది కాదు, ఎందుకంటే ఇలాంటి ఇండెక్స్ తప్పు జవాబు ఇవ్వదు, రెండో రకం జవాబు ఇస్తుంది. పది ఫలితాలు వస్తాయి, పదీ ప్రశ్నకు సంబంధించినవిగానే కనిపిస్తాయి, కానీ వాటికంటే దగ్గరివి నాలుగు ఎక్కడో మిగిలిపోయి ఉంటాయి. ఆ మిగిలిపోయినవి తెరమీదకు రావు కదా, మరి వాటిని ఎలా చూస్తాం?

అందుకే ఇండెక్స్ కట్టకముందే చేయవలసిన పని ఒకటుంది. నిజమైన ప్రశ్నలు 1000 తీసుకుని, ప్రతిదాన్నీ కోటి వెక్టర్లతో పూర్తిగా పోల్చి, అసలైన పది పొరుగులను రాసి పెట్టుకోవాలి. వెక్టర్లను భాగాలుగా మెమరీలోకి తెచ్చుకుంటూ చేస్తే మామూలు ప్రాసెసర్ మీద ఇది నిమిషాల పని, ఎందుకంటే 1000 ప్రశ్నలనూ ఒకేసారి పోల్చవచ్చు. మన ఇండెక్స్ ఇచ్చిన పదిలో ఎన్ని ఈ అసలైన పదిలో ఉన్నాయో చూసి సగటు తీస్తే దాన్నే రీకాల్ అంటాం.

ప్రశ్నలు నిజమైనవి కావాలి అన్నాను. ఎందుకు? సౌకర్యం కోసం చాలామంది ఇండెక్స్‌లో ఉన్న వెక్టర్లనే ప్రశ్నలుగా వాడతారు. అలాంటి ప్రశ్నకు మొదటి జవాబు తానే, అది ఎప్పుడూ దొరుకుతుంది. మిగిలినవి కూడా తరచుగా అదే గదిలో ఉంటాయి. రీకాల్ అందంగా కనిపిస్తుంది. మనుషులు టైపు చేసే మూడు మాటల ప్రశ్న మాత్రం పేజీల పత్రాలు ఉండే చోట ఉండదు, గదుల సరిహద్దుల దగ్గర, కేంద్రాలన్నిటికీ దూరంగా పడుతుంది. దాని పొరుగులు పది గదుల్లో చెదిరి ఉంటాయి.

సరే, కొలిచాం. రీకాల్ 0.70 వచ్చిందనుకుందాం. ఇక్కడి నుండి నేను చెప్పే రీకాల్ అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి, మీ డేటాకు మీవి వేరేగా ఉంటాయి. 0.70 అంటే పదిలో మూడు పోతున్నాయి. ఏం చేస్తారు? అందరూ చేసేదే: `nprobe` పెంచుతారు. 32 నుండి 64, 128, 512. నేనూ ఒకప్పుడు రెండు రోజులు ఇదే చేశాను. సమయం పెరుగుతూ పోయింది, రీకాల్ మాత్రం ఒక చోటికి వచ్చి కదలనని కూర్చుంది. ఎందుకు? ఎందుకంటే నేను వెతుకుతున్న పొరుగులు తెరవని గదుల్లో లేవు. తెరిచిన గదుల్లోనే ఉన్నాయి, గుర్తుపట్టలేకపోయాను.

ఈ మాట మీద ఒక్క నిమిషం నిలబడదాం. మన ఇండెక్స్‌లో అసలైన పొరుగు తప్పిపోవడానికి రెండు చోట్లే ఉన్నాయి. ఒకటి, అది ఉన్న గదిని మనం తెరవలేదు. రెండు, గది తెరిచాం, దాని 96 బైట్ల కోడ్ చూశాం, కానీ కోడ్ నుండి అంచనా వేసిన దూరం కాస్త అటూ ఇటూ అయి అది పదో స్థానం దాటి వెనక్కి పోయింది. మొదటి నష్టానికి మందు `nprobe`. రెండో నష్టానికి అది మందు కాదు. ఎన్ని గదులు తెరిచినా కోడ్ అదే కోడ్. రీకాల్ అనే ఒకే అంకె ఈ రెండింటినీ కలిపేస్తుంది, అందుకే ఆ అంకెను చూస్తూ మరలు తిప్పితే మనం గుడ్డిగా తిప్పుతున్నట్లే.

మొదటి నష్టాన్ని వేరు చేసి చూడటానికి ఒక్క వెతుకులాట కూడా అక్కర్లేదు. అసలైన పొరుగులు మన దగ్గర రాసి ఉన్నాయి, 1000 ప్రశ్నలకు పదేసి, మొత్తం 10,000. ప్రతిదీ ఏ గదిలో ఉందో కేంద్రాలను అడిగితే తెలుస్తుంది. ఆ గది ప్రశ్నకు దగ్గరి గదుల వరుసలో ఎన్నోదో చూస్తే చాలు.

```python
_, probes = index.quantizer.search(queries, 1024)
_, home = index.quantizer.search(vectors[gt.ravel()], 1)
home = home.reshape(gt.shape)
for p in (16, 32, 64, 128, 256):
    seen = [np.isin(h, r[:p]).mean() for h, r in zip(home, probes)]
    print(p, np.mean(seen))
```

`gt` అంటే మనం రాసిపెట్టుకున్న అసలైన పొరుగుల సంఖ్యలు, 1000 వరుసలు, వరుసకు పది. ఇది ఇచ్చే జవాబు ఇలా ఉందనుకోండి: 32 గదులు తెరిస్తే పొరుగుల్లో 91 శాతం, 64 తెరిస్తే 95 శాతం, 128 తెరిస్తే 97.5 శాతం అందుబాటులోకి వస్తాయి. ఇవి పైకప్పులు. 32 గదులు తెరిచినంత కాలం మీరు ఇంకేం చేసినా 0.91 దాటలేరు. మనకు వచ్చింది 0.70. అంటే తప్పిపోయిన 30 శాతంలో 9 శాతమే గదుల దోషం, మిగిలిన 21 శాతం కోడ్ దోషం. నేను రెండు రోజులు తిప్పింది ఆ తొమ్మిది శాతపు మరను.

మరి కోడ్ దోషానికి మందేమిటి? కోడ్ వల్ల పొరుగు పదో స్థానం దాటిందన్నాను, ఎంత దూరం దాటింది? సాధారణంగా మరీ దూరం పోదు. పద్నాలుగో స్థానంలోనో, నలభయ్యో స్థానంలోనో ఉంటుంది. కాబట్టి ఇండెక్స్‌ను పది అడగకుండా 100 అడుగుదాం. ఆ 100 అభ్యర్థుల అసలు వెక్టర్లను ఎస్‌ఎస్‌డీ నుండి చదివి, నిజమైన దూరాలు లెక్కించి, మొదటి పది తీసుకుందాం. అసలైన పొరుగు ఆ 100లో ఉంటే చాలు, నిజమైన దూరంతో పేర్చినప్పుడు అది తప్పకుండా మొదటి పదిలోకి వస్తుంది, ఎందుకంటే దాన్ని పదో స్థానం దాటించేటన్ని దగ్గరి వెక్టర్లు కోటిలోనే లేవు. అందువల్ల చివరి రీకాల్ అంటే అభ్యర్థుల్లో అసలైన పొరుగులు ఎంత శాతం ఉన్నాయో అదే. దీన్ని కూడా ముందే కొలవవచ్చు.

మన ఉదాహరణలో 64 గదులతో: 10 అభ్యర్థులకు 0.72, 50కి 0.90, 100కి 0.935, 200కి 0.945. పైకప్పు 0.95 అని గుర్తుంది కదా? 100 దగ్గరే దాదాపు కప్పును తాకాం. ఇక అభ్యర్థులను 500 చేయడం వృథా. ఇంకా రీకాల్ కావాలంటే ఇప్పుడు, ఇప్పుడు మాత్రమే, `nprobe`ను 128 చేయాలి. ఇంకోలా జరిగి, 1000 అభ్యర్థులు అడిగినా పైకప్పుకు చాలా కిందే ఉండిపోతే, కోడ్ మరీ ముతకగా ఉందన్నమాట. అప్పుడు 96 బైట్లను 192 చేయాలి, లేదా ముక్కలు చేసే ముందు వెక్టర్లను తిప్పి సమాచారాన్ని ముక్కలన్నిటికీ సమంగా పంచే ఓపీక్యూ చేర్చాలి. ఈ రెండింటికీ ఇండెక్స్‌ను మళ్లీ కట్టాలి. మళ్లీ కట్టాలా, మర తిప్పితే చాలా అన్నది ఈ రెండు కొలతలు చెప్తాయి.

ఇప్పుడు ఖర్చు. 16,384 గదులకు కోటి వెక్టర్లంటే గదికి సగటున 610. 64 గదులకు 39 వేల కోడ్లు, 96 బైట్ల చొప్పున 3.7 ఎంబీ. ఏ గదులు తెరవాలో తెలుసుకోవడానికి ముందు 16,384 కేంద్రాలతో పోల్చాలి కదా, అవి కుదించనివి, 3072 బైట్ల చొప్పున 50 ఎంబీ. ఆశ్చర్యంగా లేదూ? గదులు వెతకడం కంటే గుమ్మాలు వెతకడమే ఎక్కువ పని. అందుకే `nprobe`ను 32 నుండి 64 చేస్తే సమయం రెట్టింపు అవుతుందని భయపడతాం, అంత కాదు. ప్రశ్నలు ఒక్కొక్కటిగా వచ్చే చోట ఈ గుమ్మాల ఖర్చు బాధిస్తే, కేంద్రాల మీద ఒక చిన్న హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ పెట్టవచ్చు. ఫైస్‌లో `IVF16384_HNSW32,PQ96` అని రాస్తే సరి. ఇందాక వద్దనుకున్నది ఇక్కడ చక్కగా ఇమిడిపోతుంది.

అభ్యర్థుల 100 చదువులను ఒకదాని తరువాత ఒకటి చేస్తే 10 మిల్లీసెకన్లు. ఇవి ఒకదాని మీద ఒకటి ఆధారపడవు, ఏ 100 కావాలో ముందే తెలుసు, కాబట్టి అన్నీ ఒకేసారి అడగండి, సమయం ఎంతో తగ్గుతుంది. ఎస్‌ఎస్‌డీ మీద హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ నడవడానికీ దీనికీ తేడా ఇదే.

మెమరీ కూడా కూడుదాం. కోడ్లు 0.96 జీబీ, వెక్టర్ల గుర్తింపు సంఖ్యలు 8 బైట్ల చొప్పున 0.08, కేంద్రాలు 0.05. ఇంతేనా? యంత్రం మీద చూస్తే అంతకంటే చాలా ఎక్కువ కనిపించి కంగారు పడతారు. దూరాలు త్వరగా లెక్కించడానికి ఫైస్ ఒక పట్టిక ముందే వేసుకుంటుంది: 16,384 గదులు, 96 ముక్కలు, 256 నమూనాలు, ఒక్కో గడికి 4 బైట్లు, వెరసి 1.6 జీబీ. కోడ్లకంటే పట్టికే పెద్దది. 192 బైట్లకు వెళ్తే అది 3.2 జీబీ కావాలి, కానీ ఫైస్ పెట్టుకున్న 2 జీబీ హద్దు దాటుతుంది కనుక పట్టికే వేయదు. అప్పుడు మెమరీ తగ్గి సమయం పెరుగుతుంది. ఈ సంగతి తెలియకపోతే ఆ రెండు అంకెలు ఎంత ఆలోచించినా అర్థం కావు. మొత్తం మీద మనం 3 జీబీ లోపే ఉన్నాం. మిగిలిన మెమరీని ఆపరేటింగ్ సిస్టమ్ తరచుగా చదివే అసలు వెక్టర్ల కోసం వాడుకుంటుంది.

సగటు గురించి ఒక మాట. 0.935 సగటు అంటే ప్రతి ప్రశ్నకూ పదిలో తొమ్మిది దొరుకుతున్నాయని కాదు. చాలా ప్రశ్నలకు పదీ దొరికి, కొన్నింటికి రెండో మూడో దొరకవచ్చు. 0.5 కంటే తక్కువ వచ్చిన ప్రశ్నలను విడిగా తీసి చదవండి. అవన్నీ పొట్టి ప్రశ్నలా, ఒకే విషయానివా అన్నది కంటికి కనిపిస్తుంది. ఇక్కడ ఒక మాయ కూడా ఉంది: డేటాలో ఒకే పత్రం ఇరవై నకళ్లు ఉంటే, దూరాలన్నీ సమానమే కాబట్టి మనం వేరే పది నకళ్లు ఇచ్చినా సంఖ్యలు కలవక రీకాల్ పడిపోయినట్టు కనిపిస్తుంది. అలాంటి చోట సంఖ్యలు పోల్చకుండా, మనం ఇచ్చిన దూరం అసలైన పదో దూరం లోపు ఉందా అని చూడాలి.

చివరిగా, ఈ గదులు శాశ్వతం కాదు. కేంద్రాలు శిక్షణ రోజున నిలిచిపోతాయి. తరువాత చేర్చే వెక్టర్లు కొత్త విషయాలవైతే, వాటికి తగిన గదులు లేక ఉన్నవాటిలోనే కొన్నింట్లో కిక్కిరిసిపోతాయి. 610 ఉండవలసిన గదిలో 20 వేలు చేరితే, ఆ గది తెరవవలసిన ప్రశ్నలన్నీ నెమ్మదిస్తాయి, మిగిలినవి మామూలుగానే ఉంటాయి. `index.invlists.imbalance_factor()` అడిగితే ఒక అంకె ఇస్తుంది. 1 అంటే గదులన్నీ సమానం, 2 అంటే సమానంగా ఉన్నప్పటి కంటే రెట్టింపు పని. దాన్ని శిక్షణ రోజున రాసి పెట్టుకుని, డేటా చేర్చినప్పుడల్లా చూడండి. రీకాల్‌ను కూడా మళ్లీ కొలవాలి, కానీ పాత పొరుగుల జాబితాతో కొలవకండి. కొత్త వెక్టర్లు వచ్చాక అసలైన పదే మారిపోయి ఉంటాయి.

వెనుక వరుసలో ఒకరు చేయి ఎత్తారు. గదులు, కోడ్ అని నష్టాన్ని విడదీసినట్టు హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూలో కూడా చేయవచ్చా అని అడుగుతున్నారు. అక్కడ గదులు లేవు కాబట్టి ఆ పైకప్పుల లెక్క వేయలేం. కానీ `efSearch`ను 64, 128, 256, 512 అని రెట్టింపు చేస్తూ వెళ్లండి. రీకాల్ ప్రతిసారీ కొంత పెరుగుతుంటే, వెతకడం త్వరగా ఆపేస్తున్నారన్నమాట, ఆ మర తిప్పితే చాలు. మధ్యలో ఎక్కడో నిలిచిపోయి ఇక కదలకపోతే, కొన్ని వెక్టర్ల దగ్గరికి చేరే దారులే లేవు. లోపం కట్టడంలో ఉంది, `M`నూ, కట్టేటప్పుడు ఎంత విస్తారంగా వెతకాలో చెప్పే `efConstruction`నూ పెంచి మళ్లీ కట్టాలి. చాలా వెక్టర్లను తొలగించిన తరువాత ఇలా నిలిచిపోవడం మొదలైతే, తెగిపోయిన దారులే కారణమని మొదట అనుమానించండి.